ఒక స్కాలర్‌షిప్ సిఫారసు: సాయంత్రపు గంటలకు సాక్ష్యం

మా స్కూల్లో స్కాలర్‌షిప్ దరఖాస్తుల బాధ్యత నాది. పదో తరగతి పూర్తి చేసిన ఒక అమ్మాయి కోసం మేం తయారు చేసిన సిఫారసు నివేదిక గురించి ఇక్కడ వివరంగా రాస్తున్నాను. అమ్మాయి పేరు, కుటుంబం ఆనవాళ్లు ఇవ్వడం లేదు. ఇలాంటి నివేదికలు రాయాల్సిన టీచర్లకు పనికొచ్చేది సాక్ష్యాలను ఎలా పోగుచేశాం, ఎలా పరీక్షించాం, ఏవి వదిలేశాం అన్నదే.

ఆ అమ్మాయికి గణితంలో అసాధారణమైన చూపు ఉంది. తండ్రి ప్రమాదంలో గాయపడి పనికి దూరమయ్యాడు. తల్లి ఇంట్లోనే పీస్ లెక్కన బట్టలు కుడుతుంది. తర్వాత చదవాల్సిన రెండేళ్లకు ఒక ట్రస్టు స్కాలర్‌షిప్ ఇస్తోంది. అక్కడ ఎంపిక కమిటీకి దరఖాస్తు, మార్కుల పత్రాలు, ఆదాయ ధృవీకరణ, టీచర్ నివేదిక ఇవ్వాలి. నివేదిక రెండు పేజీలు దాటకూడదు. జతపత్రాలు విడిగా పెట్టుకోవచ్చు.

మొదటి లేఖలో ఏం లేదు

గణితం సార్ ఆ అమ్మాయి మీద ఎంతో అభిమానంతో ఒక లేఖ రాసిచ్చారు. "చాలా తెలివైనది, కష్టపడే స్వభావం, అణకువ గలది, నిరుపేద కుటుంబం, ఆదుకోవాలి" అన్నది దాని సారాంశం. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. అయితే పేరు తీసేస్తే ఆ లేఖ ఇంకో పాతికమంది పిల్లలకు అలాగే సరిపోతుంది. కమిటీ ముందుకు వచ్చే లేఖలన్నీ దాదాపు ఇవే మాటలతో ఉంటాయి కాబట్టి, ఇలాంటి లేఖ దరఖాస్తుకు ఏ బలమూ ఇవ్వదు.

"కష్టపడే స్వభావం", "అణకువ" అన్న మాటల దగ్గర నేను కాసేపు ఆగాను. ఫ్రాన్సెస్ ట్రిక్స్, కెరొలిన్ సెంకా అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఒక వైద్య కళాశాల అధ్యాపక ఉద్యోగాల కోసం వచ్చిన మూడు వందలకు పైగా సిఫారసు లేఖలను పరిశీలించి 2003లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఆడవాళ్ల గురించి రాసిన లేఖలు సగటున పొట్టిగా ఉన్నాయని, వాటిలో శ్రమను మెచ్చుకునే మాటలు, సందేహం రేపే మాటలు ఎక్కువగా కనిపించాయని అందులో తేలింది. మన స్కూళ్లలోనూ తెలివైన ఆడపిల్లను "బాగా కష్టపడుతుంది" అనీ, తెలివైన మగపిల్లాణ్ణి "బుర్ర ఉన్నవాడు" అనీ అనడం నేను చాలాసార్లు విన్నాను. ప్రతిభకు ఇచ్చే స్కాలర్‌షిప్‌లో ఈ తేడా అమ్మాయికి నష్టం చేస్తుంది. అందుకే ఆ మాటలు తీసేసి, ఆమె ఏం చేసిందో రాద్దామని సార్‌తో అన్నాను.

"ఏం చేసిందంటే చెప్పడానికి చాలా ఉంది మేడం. కానీ మార్కులు చూస్తే క్లాసులో ఏడో స్థానం కదా, నమ్ముతారా?" అన్నారు ఆయన. అదే అసలు టెన్షన్.

ప్రతిభకు సాక్ష్యం: నోటుపుస్తకంలో రెండు పేజీలు

వరుసగా వచ్చే రెండు బేసి సంఖ్యల వర్గాల మధ్య తేడా ఎప్పుడూ 8తో భాగించబడుతుందని సార్ ఒకరోజు క్లాసులో చూపించారు. అందరూ అక్కడితో ఆగిపోయారు. ఆ అమ్మాయి ఇంటికెళ్లి వేరే ప్రశ్న వేసుకుంది. రెండు వర్గాల తేడాగా రాయగలిగే సంఖ్యలు అసలు ఏవేవి?

నోటులో 1 నుంచి 40 దాకా పట్టిక వేసింది. కుదరని సంఖ్యలకు సున్నా చుట్టింది. 2, 6, 10, 14 అలా వరుసగా మిగిలిపోయాయి. పక్కనే "4తో భాగిస్తే 2 మిగిలేవి" అని రాసుకుంది. కింద కారణం ఉంది. a² − b² = (a − b)(a + b) కాబట్టి, ఆ రెండు కారణాంకాలూ సరి అయితే రెండూ సరి, బేసి అయితే రెండూ బేసి. అప్పుడు లబ్ధం బేసి అవుతుంది, లేదా 4తో భాగించబడుతుంది. 2, 6, 10 లాంటివి రావడానికి వీల్లేదు. తర్వాతి పేజీలో మిగతా సంఖ్యలన్నీ వస్తాయని కూడా చూపించింది:

```
4k = (k + 1)² − (k − 1)²
m బేసి అయితే: m = ((m + 1)/2)² − ((m − 1)/2)²
```

ఇదే పేజీలో ఒక కొట్టివేత ఉంది. మొదట "1, 4 కూడా రావు" అని రాసి కొట్టేసింది. దాని పక్కన "సున్నాని వాడొచ్చా? వాడితే వస్తాయి, వాడకపోతే రావు" అని రాసుకుంది. నా దృష్టిలో మొత్తం దరఖాస్తులో అన్నిటికన్నా విలువైన వాక్యం ఇది. జవాబు మనం పెట్టుకున్న నియమం మీద ఆధారపడుతుందని ఎవరూ చెప్పకుండానే గుర్తించింది. సార్ ఆ పేజీలను అమ్మాయి చేత నీట్‌గా తిరగరాయిద్దామన్నారు. నేను వద్దన్నాను. కొట్టివేతలతో, తేదీతో, ఉన్నది ఉన్నట్టుగా కాపీ తీసి జతచేశాం. ఆలోచన ఎలా నడిచిందో తిరగరాసిన పేజీలో కనపడదు. పైగా ఎవరో రాసిచ్చారన్న అనుమానానికీ చోటిస్తుంది.

ఆ అనుమానం కమిటీకి ఎలాగూ వస్తుంది. రావాలి కూడా. అందుకని రెండు పనులు చేశాం. మొదటిది, ఆ పేజీల వెనక తన వంతు సాయం ఎంతో సార్ చేత స్పష్టంగా రాయించాం. 8 గురించిన లెక్క తాను చెప్పింది, తర్వాతి ప్రశ్న, పట్టిక, నిరూపణ అమ్మాయివి, తాను చూసింది పూర్తయ్యాకే. రెండోది, ఆ అమ్మాయిని ఎప్పుడూ చూడని వేరే స్కూలు గణితం టీచర్‌ని ఒక కొత్త ప్రశ్న ఇమ్మని అడిగాం. ఆయన ఇచ్చింది ఇది: వరుసగా వచ్చే రెండు లేదా అంతకంటే ఎక్కువ సహజ సంఖ్యల మొత్తంగా ఏ సంఖ్యలను రాయగలం? తెల్ల కాగితం, నలభై నిమిషాలు, గదిలో ఆయన ఒక్కరే.

అమ్మాయి 20 దాకా ప్రయత్నించి 1, 2, 4, 8, 16 కుదరవని గుర్తించింది. 1 కంటే పెద్దవైన బేసి సంఖ్యలన్నీ పక్కపక్క రెండు సంఖ్యల మొత్తమని నిరూపించింది. 3 కంటే పెద్దవైన 3 గుణిజాలను మూడు వరుస సంఖ్యలుగా రాసింది. 2 ఘాతాలు ఎందుకు రావో మాత్రం నిరూపించలేకపోయింది. "ఇవి రావని అనిపిస్తోంది, కారణం దొరకలేదు" అని రాసి కాగితం ఇచ్చేసింది.

ఆ టీచర్ తన నోట్‌లో ఇదంతా ఉన్నదున్నట్టు రాశారు. సగమే చేసిందన్న విషయం దాస్తే బాగుంటుందేమోనని మా దగ్గర ఒకరన్నారు. దాచలేదు. ఊహకూ నిరూపణకూ తేడా తెలిసిన పదిహేనేళ్ల పిల్ల అన్న సంగతి ఆ సగం పనిలోనే బయటపడుతోంది. అంతా సరిగ్గా చేసేసి ఉంటే ఇది ముందే తెలిసిన ప్రశ్నేమో అన్న సందేహం మిగిలేది.

ఇక పోలిక. "నా సర్వీసులో చూసిన అత్యుత్తమ విద్యార్థి" అని టీచర్లు రాస్తుంటాం. ఎంతమందిని చూసి అంటున్నామో చెప్పకపోతే ఆ మాటకు బరువు లేదు. సార్ చివరికి రాసింది ఇలా ఉంది: "ఆరేళ్లుగా ఏటా నలభై మందికి అటూ ఇటూగా పదో తరగతి గణితం చెబుతున్నాను. క్లాసు పాఠం నుంచి సొంతంగా కొత్త ప్రశ్న తీసి, నిరూపణ దాకా వెళ్లిన వాళ్లు ఇద్దరే. ఈ అమ్మాయి వారిలో ఒకరు." ఇద్దరు అన్నందుకు బలం తగ్గలేదు, పెరిగింది.

ఏడో స్థానం, పడిపోయిన మార్కులు

గణితంలో మూడు టర్మ్‌ల మార్కులు 91, 74, 93. హాజరు 96 శాతం, 71 శాతం, 94 శాతం. మధ్య టర్మ్ చూసి కమిటీలో ఎవరైనా "నిలకడ లేదు" అనుకోవచ్చు. కుటుంబ సమస్యల వల్ల అని ఒక్క ముక్కలో రాసేస్తే అది సంజాయిషీ లాగే ఉంటుంది. మాకు కావాల్సింది వేరే చేతితో రాసిన రికార్డు.

అది తల్లి దగ్గర దొరికింది. బట్టలు తెచ్చిచ్చే అతను రోజువారీ లెక్క రాసే ఒక చిన్న పుస్తకం. అందులో మిషన్ కుట్టుకి ఒక వరస, గుండీలు కుట్టడానికి ఒక వరస వేరువేరుగా ఉన్నాయి. మిషన్ పని తల్లిది, గుండీలు కూతురివి. మామూలు నెలల్లో గుండీల వరసలో రోజుకి పదిహేను షర్టుల దాకా ఉంటే, తండ్రి ఆస్పత్రిలో ఉన్న నెలల్లో ముప్ఫై దాకా వెళ్లింది. షర్టుకి ఏడు గుండీలు. ఆ అమ్మాయి చెయ్యి తిరిగిన వేగంతో ఒక్కో షర్టుకి పది నిమిషాలు. అంటే మామూలు రోజుల్లో రెండున్నర గంటలు, కష్టకాలంలో ఐదు గంటలు. ముప్ఫై షర్టులున్న నెలలు, హాజరు పడిపోయిన నెలలు, ఆస్పత్రి డిశ్చార్జి కాగితం మీది తేదీలు ఒకేచోట కలిశాయి. స్కూలు రిజిస్టరు, ఆస్పత్రి కాగితం, పీస్ లెక్క పుస్తకం మూడూ మూడు వేరువేరు చేతులు రాసినవి. వాటిలో ఒకటి రాసేటప్పుడు ఇంకొకటి ఎవరి మనసులోనూ లేదు. అందుకే వాటిని నమ్మొచ్చు.

మార్కులు పని వల్లే పడిపోయాయని మాత్రం నివేదికలో అనలేదు. ఇవి ఒకే కాలంలో జరిగాయి, పని తగ్గాక మార్కులు మళ్లీ పాత స్థాయికి వచ్చాయి అని మాత్రమే రాశాం. తండ్రి గురించిన దిగులు కూడా కారణం కావచ్చు. చూపగలిగినంత వరకే చెప్పి ఆగడం వల్ల మిగతా వాక్యాలకు నమ్మకం నిలబడుతుంది.

ఏడో స్థానం సంగతి వేరు. అది భాషలు, సాంఘిక శాస్త్రంలో తక్కువ మార్కుల వల్ల వచ్చింది. మూడు టర్మ్‌లలోనూ అలాగే ఉంది కాబట్టి దాన్ని ఇంటి పరిస్థితి మీదికి నెట్టడం న్యాయం కాదు. "ఇంగ్లీషులో పొడవైన పాఠం చదివి అర్థం చేసుకోవడానికి తోటివాళ్ల కంటే ఎక్కువ సమయం పడుతుంది. పై చదువు పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషులో ఉంటే మొదటి టర్మ్‌లో సాయం అవసరమవుతుంది" అని నేరుగా రాశాం. లోపం చెప్పి, దానికి కావాల్సిన సాయం కూడా చెబితే కమిటీకి అది ముందస్తు సమాచారం అవుతుంది. చెప్పకపోతే ఇంటర్వ్యూలో వాళ్లే కనుక్కుంటారు, అప్పుడు మిగతా నివేదిక మీద కూడా అనుమానం వస్తుంది.

అవసరానికి సాక్ష్యం, దాని హద్దులు

ఆదాయ ధృవీకరణ పత్రం ఒక అంకె చెబుతుంది. కుటుంబం అర్హత గీతకు కింద ఉందని తెలుస్తుంది. ఆ డబ్బు లేకపోవడం వల్ల ఈ పిల్ల చదువులో సరిగ్గా ఏది ఆగిపోతోందో అది చెప్పదు. పీస్ లెక్క పుస్తకం చెప్పింది. ఇంటి నెల ఆదాయంలో దాదాపు మూడో వంతు గుండీల వరస నుంచి వస్తోంది.

ఈ ఒక్క విషయంతో మా అభ్యర్థన మారిపోయింది. మొదట ఫీజు, పుస్తకాల కోసం అడుగుదామనుకున్నాం. కానీ ఫీజు మొత్తం కట్టేసినా ఆ అమ్మాయి సాయంత్రాలు గుండీలకే పోతాయి, ఎందుకంటే ఆ సంపాదన లేకపోతే ఇల్లు నడవదు. ప్రతిభకూ పేదరికానికీ ముడి పడింది ఆ రెండున్నర గంటల దగ్గరే. కాబట్టి ఫీజు మాఫీతో పాటు, గుండీల పని మీద వచ్చేదానికి సమానమైన నెలవారీ భత్యం అడిగాం. ఆ మొత్తం ఎలా లెక్కగట్టామో ఒక చిన్న పట్టికలో చూపించాం.

ఇలాంటి అభ్యర్థనకు ఒక గొప్ప పూర్వోదాహరణ ఉంది. 1913లో వాతావరణ శాస్త్రవేత్త గిల్బర్ట్ వాకర్, శ్రీనివాస రామానుజన్ గురించి మద్రాసు విశ్వవిద్యాలయానికి రాసిన లేఖ. రామానుజన్ పనిలోని కొత్తదనాన్ని కేంబ్రిడ్జి కళాశాలలో గణిత ఫెలో పనితో పోల్చాడు వాకర్. అదే లేఖలో ఆ పనిలో ఉండాల్సిన సంపూర్ణత, కచ్చితత్వం లోపించినట్టు కనిపిస్తోందనీ ఒప్పుకున్నాడు. తాను ఆ శాఖలో నిపుణుణ్ణి కాదనీ రాశాడు. చివరగా, కొన్నేళ్లపాటైనా బతుకుతెరువు దిగులు లేకుండా సమయమంతా గణితానికే పెట్టుకునే వీలు ఈ మనిషికి కల్పించడం సమంజసమని తేల్చి చెప్పాడు. అంతకుముందు గణితం తప్ప మిగతా సబ్జెక్టులు పట్టించుకోక కళాశాల పరీక్షలు తప్పిన రామానుజన్‌కు ఆ ఏడాదే విశ్వవిద్యాలయం పరిశోధక వేతనం ఇచ్చింది. మా అమ్మాయిని రామానుజన్‌తో పోల్చడం నా ఉద్దేశం కాదు, నివేదికలో ఆ పేరు ఎత్తనూ లేదు. నేను నేర్చుకున్నది ఆ లేఖ కట్టుబాటు: దేనితో పోలుస్తున్నానో చెప్పడం, నాకు తెలియనిది ఒప్పుకోవడం, అడిగేది సమయమని స్పష్టంగా అనడం.

పీస్ పుస్తకాన్ని జతచేయలేదు. పదిహేనేళ్ల పిల్ల పని చేస్తోందన్న కాగితం పది చేతులు మారితే, ఉన్న ఆ పని కూడా పోయి కుటుంబం ఇబ్బందిలో పడొచ్చు. హెడ్‌మాస్టర్, నేను అసలు పుస్తకం చూసి, నెలవారీ సారాంశం తయారు చేసి, సరిచూశామని సంతకాలు పెట్టాం. అవసరమైతే కమిటీ సభ్యులు ఒకరు స్కూలుకొచ్చి అసలు చూసుకోవచ్చని రాశాం. ఇక్కడ ఒక పరిమితి కూడా ఒప్పుకోవాలి. గుండీలన్నీ కూతురే కుట్టిందనడానికి తల్లి మాటే ఆధారం. సారాంశం కిందే ఆ సంగతి రాశాం.

తండ్రి గాయం వివరాలు, ఇంటి ఫోటోలు పెట్టలేదు. అవి జాలి పుట్టిస్తాయే గానీ కమిటీ తేల్చాల్సిన ఏ ప్రశ్నకూ జవాబివ్వవు. చిత్తుప్రతి పూర్తయ్యాక తల్లీకూతుళ్లకు చదివి వినిపించాను. గణితం సార్ లేఖ నుంచి "దయనీయ స్థితిలో ఉన్న" అన్న మాట ఒకచోట మిగిలిపోయింది. తల్లి అక్కడ ఆపి, "మేం పని చేసుకునే బతుకుతున్నాం మేడం, ఆ మాట తీసేయండి" అంది. తీసేశాం. దానివల్ల నివేదికలో తగ్గింది ఏమీ లేదు. ఎవరి గురించి రాస్తున్నామో వాళ్లకు ముందుగా వినిపించడం నాకు ఇప్పుడు తప్పనిసరి నియమం.

నివేదికలో కీలకమైన పేరా

రెండు పేజీల్లో మొదటి పేరానే ఎక్కువసార్లు తిరగరాశాం. కమిటీలో అందరూ చదివేది అదొక్కటే కావచ్చు. తుదిరూపం ఇది:

"ఈ విద్యార్థిని క్లాసు పాఠం నుంచి సొంతంగా ఒక ప్రశ్న తీసుకుని పూర్తి నిరూపణ చేసింది (జతపత్రం 1). పరిచయం లేని టీచర్ సమక్షంలో ఇచ్చిన కొత్త ప్రశ్నలో నమూనాను సరిగ్గా గుర్తించి, కొంత నిరూపించి, నిరూపించలేనిది ఏదో తానే చెప్పింది (జతపత్రం 2). రోజూ రెండున్నర గంటలు కుటుంబం కోసం పని చేస్తూ ఈ చదువు సాగించింది. ఆ పని రెట్టింపైన టర్మ్‌లో హాజరు, మార్కులు తగ్గి, తర్వాత తిరిగి వచ్చాయి (జతపత్రం 3). ఫీజు మాఫీ ఒక్కటే ఇస్తే ఈ పని ఆగదు. ఆ పనికి బదులుగా నెలవారీ భత్యం కోరుతున్నాం."

ఇందులో విశేషణాలు దాదాపు లేవు. ప్రతి వాక్యం వెనకా చూపించడానికి ఒక కాగితం ఉంది. రాసేటప్పుడు మేం పెట్టుకున్న పరీక్ష కూడా అదే: వాక్యం చదివి "ఎలా తెలుసు?" అని అడిగితే వేలు పెట్టి చూపించే చోటు ఉండాలి, లేకపోతే ఆ వాక్యం పోతుంది. "మంచి నాయకత్వ లక్షణాలు" అన్న వాక్యం అలాగే పోయింది.

తర్వాత

కమిటీ అమ్మాయిని ఇంటర్వ్యూకి పిలిచింది. జతపత్రం 2లో ఆగిపోయిన చోటు గురించే ఒక సభ్యురాలు అడిగారట. ఇంటికొచ్చాక ఆలోచించి కారణం కనుక్కున్నానని అక్కడ బోర్డు మీద చేసి చూపించింది. వరుస సంఖ్యల మొత్తాన్ని రెట్టింపు చేస్తే వచ్చే లబ్ధంలో ఒక కారణాంకం తప్పకుండా 1 కంటే పెద్ద బేసి సంఖ్య అవుతుంది. 2 ఘాతానికి అలాంటి కారణాంకం ఉండదు. మా నివేదిక అసంపూర్తిని దాచి ఉంటే ఆ ప్రశ్న వచ్చేది కాదు.

ఫీజు పూర్తిగా, భత్యం మేం అడిగినదాంట్లో మూడొంతులకు మంజూరైంది. ఏడాది తర్వాత సమీక్ష ఉంటుందన్నారు. ఆ సమీక్షకు మార్కులతో పాటు ఏం చూపాలో ఇప్పుడే తల్లితో, కొత్త కాలేజీ లెక్చరర్‌తో మాట్లాడి పెట్టుకున్నాం: నెలవారీ హాజరు, ఇంగ్లీషు సాయం ఎన్ని వారాలు అందింది, గుండీల వరసలో షర్టుల సంఖ్య. భత్యం పూర్తిగా రాలేదు కాబట్టి ఆ సంఖ్య సున్నా కాదు. శని, ఆదివారాల్లో ఇంకా కుడుతోంది. సమీక్ష పత్రంలో అదీ రాస్తాం, మిగిలిన నాలుగో వంతు కూడా మళ్లీ అడుగుతాం.